పందొమ్మిది వాక్యాల మెయిల్‌ని మూడు పేరాల్లోకి దించడం ఎలా

మన పాత ఉత్తరాలు ఎలా మొదలయ్యేవో గుర్తుందా? "ఉభయకుశలోపరి." ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాము, వానలు బాగా పడ్డాయి, గేదె ఈనింది. ఇవన్నీ అయ్యాక కార్డు అడుగున, చోటు చాలక పక్కకి తిప్పి రాసిన లైన్లో, "ముఖ్యంగా వ్రాయునదేమనగా, ఒక రెండొందలు పంపగలరు." ఆ కార్డుని ఇంటిల్లిపాదీ కూర్చుని నాలుగుసార్లు చదివేవాళ్లు కాబట్టి అసలు సంగతి ఎక్కడున్నా దొరికేది. ఆఫీసు మెయిల్‌కి అంత అదృష్టం లేదు. అవతలి మనిషి దాన్ని లిఫ్ట్‌లో, ఫోన్‌లో, మొదటి రెండు లైన్లు చూసి "తర్వాత చూద్దాం" అనుకుంటారు. ఆ తర్వాత అనేది రాదు.

మా పిన్ని కొడుకు ఆమధ్య ఇలాంటి మెయిల్ ఒకటి రాసి, పంపే ముందు "ఒకసారి చూడు అక్కా" అని నాకు పంపాడు. ఉద్యోగం మారుతున్నాడు, పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ రావట్లేదు. జులై 2న రాశాడు. దాన్ని మూడు చిన్న పేరాల్లోకి ఎలా తెచ్చామో అలాగే చెబుతాను, మీ దగ్గరున్న మెయిల్‌ని పక్కన పెట్టుకుని చేసుకుంటూ రండి. అసలుది ఇంగ్లీషులో ఉంది, విషయం మారకుండా తెలుగులో పెడుతున్నా. లెక్కపెట్టడానికి వీలుగా వాక్యాలకి నంబర్లు వేశాను.

> గౌరవనీయులైన మేడమ్,
>
> (1) మీరు, మీ టీమ్ అంతా క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. (2) నేను మూడేళ్ల రెండు నెలలు మన కంపెనీలో పనిచేసి జూన్ 13న రిలీవ్ అయ్యాను. (3) ఈ మూడేళ్లలో చాలా నేర్చుకున్నాను, అందుకు మీకూ మా మేనేజర్ గారికీ ఎప్పటికీ రుణపడి ఉంటాను. (4) ఆఖరి ఆరు నెలలు మా నాన్నగారి ఆపరేషన్ వల్ల కాకినాడ నుంచే పనిచేశాను, ఆ సంగతి మీకు తెలుసు. (5) అందువల్ల లాప్‌టాప్ ఇవ్వడానికి హైదరాబాద్ రాలేకపోయాను. (6) మొదట ఆఫీసు వాళ్లే పికప్ పంపిస్తామని మెయిల్ పెట్టారు, నాలుగు రోజులు చూశాను, ఎవరూ రాలేదు. (7) మేనేజర్ గారిని అడిగితే మీరే కొరియర్ చేసేయండి అన్నారు. (8) జూన్ 18న నా సొంత డబ్బులతో కొరియర్ చేశాను, రసీదు ఉంది. (9) జూన్ 20న అందినట్టు కొరియర్ వెబ్‌సైట్‌లో చూపిస్తోంది. (10) ఛార్జర్, హెడ్‌సెట్, ఐడీ కార్డు కూడా అదే పెట్టెలో పెట్టాను. (11) జూన్ 23న మీకు మెయిల్ చేశాను, 25న ఫోన్ చేస్తే మీరు మీటింగ్‌లో ఉన్నారన్నారు. (12) 27న మీ టీమ్‌లో వేరొకరు మాట్లాడి, ఐటీ వాళ్లు ఇంకా అసెట్ క్లియరెన్స్ క్లోజ్ చేయలేదు, అందుకే ఆగిందని చెప్పారు. (13) ఎందుకు చేయలేదో నాకు అర్థం కావడం లేదు. (14) నాతోపాటు రిలీవ్ అయిన ఇంకొకరికి వారంలోనే లెటర్ వచ్చేసింది. (15) నేను జులై 14న కొత్త కంపెనీలో చేరాలి, వాళ్లు 10వ తేదీలోపు రిలీవింగ్ లెటర్ అప్‌లోడ్ చేయమన్నారు. (16) ఇంట్లో అందరం చాలా టెన్షన్ పడుతున్నాం. (17) అలాగే నా ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్, మిగిలిన లీవుల డబ్బు ఎప్పుడొస్తాయో కూడా తెలియదు. (18) కాబట్టి దయచేసి ఈ విషయంలో వీలైనంత త్వరగా సహాయం చేయగలరని కోరుకుంటున్నాను. (19) మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటే క్షమించండి.

సబ్జెక్ట్ లైన్: "రిక్వెస్ట్".

చదువుతుంటే జాలేస్తుంది, నాకూ వేసింది. కానీ ఒక్కసారి ఆ హెచ్‌ఆర్ మేడమ్ కుర్చీలో కూర్చుని చూడండి. చదివాక ఆవిడ ఏం చేయాలి?

ముందు, అడిగేది ఎక్కడుందో వెతకండి

పెద్ద మెయిల్స్‌లో అడిగే మాట దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో మూడో వాక్యంలో ఉంటుంది, "కాబట్టి", "అందుకని", "దయచేసి" అన్న మాటల పక్కన. ఇక్కడ 18వ వాక్యం. తీరా దొరికాక చూస్తే అందులో ఏమీ లేదు! "ఈ విషయంలో" అంటే ఏ విషయం? పైన లాప్‌టాప్ ఉంది, క్లియరెన్స్ ఉంది, లెటర్ ఉంది, డబ్బు ఉంది. "వీలైనంత త్వరగా" అంటే ఎప్పటికి? ఆవిడకి వీలైనంత త్వరగా అంటే ఆగస్టు కావచ్చు. "సహాయం చేయండి" అన్నది పని కాదు. రిలీవింగ్ లెటర్ అన్న మాట మొత్తం మెయిల్లో ఒక్కసారే వచ్చింది, అదీ కొత్త కంపెనీ వాళ్లు అడిగారన్న కబురులో. "నాకు రిలీవింగ్ లెటర్ పంపండి" అని వీడు ఎక్కడా అడగనే లేదు.

దీనికి నేను వాడే చిట్కా ఒకటే. మెయిల్ మూసేసి, ఆవిడే మీకు ఫోన్ చేసి, "నాకు ఇంకో కాల్ వస్తోంది, ఏం కావాలో ఒక్క ముక్కలో చెప్పు బాబూ" అన్నారనుకోండి. అప్పుడు నోట్లోంచి ఏది వస్తుందో అది కాగితం మీద రాసుకోండి. మావాడు అన్నది: "జులై 10 లోపు రిలీవింగ్ లెటర్ కావాలి మేడమ్." చూశారా, నోటితో అడిగితే అంత తిన్నగా వచ్చింది, రాసేసరికి పందొమ్మిది వాక్యాలైంది.

అలా వచ్చిన వాక్యంలో మూడు ఉండాలి: ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఏ తేదీలోపు. క్రియ దగ్గర కాస్త జాగ్రత్త. "క్లియరెన్స్ ఇంకా కాలేదు", "లెటర్ రావాల్సి ఉంది" లాంటివి మన భాషలో ఎంత సహజంగా ఉన్నా వాటిలో చేసే మనిషి లేడు. "క్లోజ్ చేయండి", "పంపండి" అనాలి. మరీ ఆజ్ఞలా వినిపిస్తుందేమో అనిపిస్తే "చేయగలరా?" అనండి, అది కూడా పనే చెబుతుంది.

తర్వాత ప్రతి వాక్యానికీ ఒక గుర్తు పెట్టండి

మూడు రకాలు చాలు. అడిగేది అయితే "అ". ఆ పని చేయడానికి అవతలివాళ్లకి అవసరమైన సమాచారం అయితే "స". మిగతాదంతా "న", అంటే నా బాధ, నా కృతజ్ఞత, నా కథ. ఎటూ తేల్చుకోలేని వాక్యం తగిలితే, అది తీసేస్తే అవతలివాళ్లు పని చేయలేక ఆగిపోతారా అని అడగండి. ఆగరు అనిపిస్తే అది "న".

మావాడి మెయిల్లో 17, 18 మాత్రమే "అ". 2, 8, 9, 10, 12, 15 "స". మిగిలిన పదకొండూ "న". అంటే సగానికి పైగా ఆవిడకి పనికిరాని వాక్యాలే. వాడికి కోపం వచ్చింది, "నాలుగు రోజులు ఎవరూ రాలేదన్నది కూడా అనవసరమేనా?" అని. నిజంగా జరిగిందే, కోపం రావడమూ న్యాయమే, కానీ పెట్టె 20న చేరిపోయింది కదా, పికప్ రాకపోవడం వల్ల ఇప్పుడు ఆగింది ఏమీ లేదు. 14వ వాక్యం, అదే ఇంకొకరికి వారంలో లెటర్ వచ్చిందన్నది, ఇంకా ప్రమాదం. దానికి ఆవిడ సంజాయిషీ చెప్పుకోవాలి, సంజాయిషీ రాయాల్సిన మెయిల్ అంటే ఎవరికైనా బద్ధకమే.

గుర్తులు పెట్టడంలో అసలు లాభం తీసేసే వాక్యాల్లో లేదు, లేని వాక్యాలు బయటపడటంలో ఉంది. "స"లన్నీ వరసగా రాసి చూస్తే ఇందులో ఉద్యోగి నంబర్ లేదు! వందల మంది పనిచేసే చోట ఆవిడ వీడి పేరుని దేనితో వెతకాలి? పైగా ఈ మెయిల్ సొంత ఐడీ నుంచి వెళ్తోంది, కంపెనీ ఐడీ ఎప్పుడో మూసేశారు. లాప్‌టాప్ కింద అంటించిన స్టిక్కర్ మీద ఉండే అసెట్ నంబర్ కూడా లేదు. రసీదు "ఉంది" అన్నాడు గానీ జతచేయలేదు. ఇంత రాసినా ఆవిడ మళ్లీ మూడు ప్రశ్నలు అడగాల్సిందే.

ఇది సరైన మనిషికే వెళ్తోందా?

ఈ మెట్టు నేను మొదట అనుకోలేదు, "స"లు చదువుతుంటే తగిలింది. 12వ వాక్యం చూడండి. ఐటీ వాళ్లు అసెట్ క్లియరెన్స్ క్లోజ్ చేయనిదే లెటర్ రాదు. అంటే మేడమ్‌ని ఎంత బతిమాలినా ఆవిడ చేతిలో ఏమీ లేదు, మహా అయితే ఆ మెయిల్‌ని ఐటీకి ఫార్వర్డ్ చేస్తారు, వాళ్లు పైనుంచి కింద దాకా నాన్నగారి ఆపరేషన్ సంగతి చదవాలి. అసలు తాళం 12వ నంబర్లో పడి ఉంటే మనం 18లో తలుపు కొడుతున్నాం.

కాబట్టి అడిగే మాట మారింది. "లెటర్ పంపండి" కాదు, "క్లియరెన్స్ క్లోజ్ చేయండి". ఎవరికి అన్నదీ మారింది. పికప్ పంపిస్తామని మెయిల్ పెట్టిన ఐటీ అసెట్ టీమ్ అడ్రస్ వాడి దగ్గర ఉంది, "టు"లో అది, "సీసీ"లో హెచ్‌ఆర్ మేడమ్. తేదీ కూడా మారింది. లెటర్ 10న కావాలి కదా అని ఐటీకి కూడా 10 అని చెబితే, వాళ్లు 10 సాయంత్రం క్లోజ్ చేస్తారు, హెచ్‌ఆర్‌కి టైమ్ ఉండదు. అందుకని ఐటీకి జులై 4, శుక్రవారం. ఆ తర్వాతి వారంలో హెచ్‌ఆర్‌కి నాలుగు పనిదినాలు మిగులుతాయి. మీ మెయిల్లో కూడా పని రెండు చేతులు దాటాల్సి ఉంటే చివరి తేదీని కాకుండా మొదటి చేతికి ఇవ్వాల్సిన తేదీని రాయండి.

రెండు కోరికలుంటే

17వ వాక్యం సెటిల్‌మెంట్ డబ్బు గురించి. దాన్నీ ఇందులోనే అడుగుతానన్నాడు. వద్దన్నాను. ఒక మెయిల్లో రెండు అడిగితే తేలికైనదానికి జవాబిచ్చి పని అయిపోయిందనుకోవడం మనుషుల అలవాటు, "సెటిల్‌మెంట్ 45 రోజుల్లో వస్తుంది" అని ఒక లైన్ కొట్టేసి లెటర్ సంగతి మర్చిపోతారు. ఇద్దరు వేరే మనుషులు చేసే పనులైతే రెండు మెయిల్స్ రాయండి. ఒకే మనిషి చేసేవి, రెండూ ఒకే తేదీకి కావాల్సినవి అయితే మొదటి పేరాలోనే 1, 2 అని నంబర్లు వేసి అడగండి. మూడు దాటితే అది మెయిల్ కాదు, మీటింగ్ పెట్టుకోండి.

ఇప్పుడు మూడు పేరాలు

పాత మెయిల్‌ని దిద్దుతూ కూర్చోకండి, ఖాళీ పేజీ తెరిచి కొత్తగా రాయండి. పాతదాన్ని కత్తిరిస్తూ పోతే ప్రతి వాక్యం మీదా మమకారం అడ్డొస్తుంది, పైగా ముందువెనకలు పోయి "అందువల్ల" అని మొదలయ్యే పేరాలు మిగులుతాయి.

మొదటి పేరాలో అడిగేది, తేదీ, ఆ తేదీ ఎందుకో ఒక్క ముక్క. రెండో పేరాలో, పని చేసే మనిషి లేచి ఇంకెవరినీ అడగక్కర్లేకుండా కావాల్సిన సమాచారం. మూడో పేరాలో, ఏదైనా అడ్డొస్తే ఏం చేయాలి, జవాబు ఎలా ఇవ్వాలి. ఒక్కో పేరా రెండు మూడు వాక్యాలు, ఫోన్‌లో తెరిస్తే ఐదారు లైన్లకి మించకూడదు. మీకే మీరు పంపుకుని ఫోన్‌లో చూసుకోండి, కంప్యూటర్‌లో చిన్నగా కనిపించే పేరా ఫోన్‌లో గోడలా నిలబడుతుంది.

మేం రాసింది ఇది:

> సబ్జెక్ట్: అసెట్ క్లియరెన్స్ జులై 4 లోపు క్లోజ్ చేయాలి, ఉద్యోగి నంబర్ ……
>
> నమస్తే,
>
> నేను వాపసు పంపిన లాప్‌టాప్ జూన్ 20న మీ ఆఫీసుకి అందింది, నా పేరు మీదున్న అసెట్ క్లియరెన్స్‌ను దయచేసి జులై 4, శుక్రవారం లోపు క్లోజ్ చేయగలరా? అది ఆగడం వల్ల రిలీవింగ్ లెటర్ ఆగింది, ఆ లెటర్‌ను నేను జులై 10 లోపు కొత్త కంపెనీకి ఇవ్వాలి.
>
> నా ఆఖరి పనిదినం జూన్ 13. లాప్‌టాప్ (అసెట్ నంబర్ ……), ఛార్జర్, హెడ్‌సెట్, ఐడీ కార్డు ఒకే పెట్టెలో జూన్ 18న కాకినాడ నుంచి పంపాను. కొరియర్ రసీదు, 20న అందినట్టు చూపే పేజీ, లాప్‌టాప్ స్టిక్కర్ ఫొటో జతచేశాను.
>
> పెట్టెలో ఏదైనా లేకపోతే అదేమిటో రాయండి, అదే రోజు పంపిస్తాను. మేడమ్, క్లియరెన్స్ అయ్యాక లెటర్ ఏ రోజు వస్తుందో ఒక్క లైన్లో చెబితే చాలు. నా ఫోన్ నంబర్ కింద ఉంది.

పందొమ్మిది వాక్యాలు ఎనిమిదికి దిగాయి. కానీ సంఖ్య కంటే ముఖ్యమైనది, మొదటి వాక్యం చదివి మెయిల్ మూసేసినా పని ఏమిటో తెలిసిపోతుంది. ఇన్‌బాక్స్ జాబితాలో సబ్జెక్ట్ పక్కనో కిందో మెయిల్ మొదటి మాటలు కొన్ని కనిపిస్తాయి కదా, పాత మెయిల్లో అక్కడ "మీరు, మీ టీమ్ అంతా క్షేమంగా" అని ఉండేది, ఇప్పుడు "నేను వాపసు పంపిన లాప్‌టాప్ జూన్ 20న" అని ఉంది.

సబ్జెక్ట్ లైన్ ఆఖరున రాయండి. మొదటి పేరాలోని మొదటి వాక్యాన్నే కుదించి పెట్టాలి, కొత్తగా ఆలోచించొద్దు. "రిక్వెస్ట్", "అర్జెంట్", "చిన్న సహాయం" అన్నవి రేపు వాళ్లు వెతికినా దొరకవు.

పంపే ముందు

విషయం తెలియని వాళ్లెవరికైనా మొదటి పేరా ఒక్కటే చదివి వినిపించి, "నేను ఏం అడిగాను, ఎప్పటికి?" అని అడగండి. మేం మా పిన్నికి వినిపించాం, "లాప్‌టాప్ ముట్టిందని శుక్రవారంలోగా రాసుకోమంటున్నాడు" అంది. చాలు. ఆవిడ కనక "ఎవర్రా ఆ ఐటీ వాళ్లు, ఏమైంది?" అని ఉంటే మళ్లీ రాయాల్సి వచ్చేది.

ఎక్కువ కోసేసినా ఇబ్బందే, దాన్ని జవాబుని బట్టి కనిపెట్టొచ్చు. "ఏ లాప్‌టాప్?", "ఏ బ్రాంచ్?" అని తిరిగి ప్రశ్న వచ్చిందంటే రెండో పేరాలో "స" ఒకటి పోయిందన్నమాట. జవాబు "ఓకే, నోటెడ్" అని వచ్చి పని కాకపోతే మొదటి పేరాలో క్రియో తేదీయో నీరుగారిందని. అసలు జవాబే రాకపోతే చాలాసార్లు అది వేరే మనిషికి వెళ్లాల్సిన మెయిల్.

మర్యాద సంగతి. మనలో చాలామందికి అడగ్గానే అడిగేయడం మొరటుగా అనిపిస్తుంది, ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచినీళ్లివ్వకుండా "ఏం పని మీదొచ్చావ్" అన్నట్టు. "నమస్తే" ఉంది, "దయచేసి" ఒకసారి ఉంది, "చేయగలరా" ఉంది, అంతకన్నా అక్కర్లేదు. నిజంగా కృతజ్ఞత చెప్పాలనిపిస్తే లెటర్ వచ్చాక విడిగా ఒక మెయిల్ రాయండి, పని కోసం పొగుడుతున్నాడన్న అనుమానం ఉండదు. అయితే ముఖపరిచయం లేని పెద్దాయన్ని ఏదైనా అడుగుతున్నప్పుడు మొదట ఒక వాక్యంలో మీరెవరో, ఆయన పేరు మీకెవరు చెప్పారో రాసి, రెండో వాక్యంలో అడగండి. పరామర్శలకీ, చెడువార్త చెప్పేవాటికీ ఈ పద్ధతి అసలు వాడొద్దు. నెలల తరబడి సాగిన ఫిర్యాదుల్లో చరిత్రే ఆధారం, అప్పుడు తేదీల వారీగా విడి కాగితం రాసి జతచేసి, మెయిల్ మాత్రం మూడు పేరాలే ఉంచండి.

మావాడికి మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. పెట్టె రెండు వారాలుగా కింద సెక్యూరిటీ డెస్క్ దగ్గరే ఉందట, సంతకం చేసి తీసుకున్నాయన ఐటీకి చెప్పలేదు. 4న క్లోజ్ చేశారు, 8న లెటర్ వచ్చింది. ఆ తర్వాత సెటిల్‌మెంట్ మెయిల్ సొంతంగా రాసి చూపించాడు. ఉద్యోగి నంబర్ ఉంది, తేదీ ఉంది, అడిగేది మొదటి వాక్యంలోనే ఉంది. మూడో పేరా చివర మాత్రం "మా నాన్నగారి ఆపరేషన్ సంగతి మీకు తెలుసు" అని మళ్లీ వచ్చి కూర్చుంది. దాన్ని తీసేసి పంపమన్నాను.